లాభం గడిలో ఏం రాస్తాం?

2021 మే నెలను నెల్లూరు జిల్లా మర్చిపోలేదు. కోవిడ్ రెండో ఉధృతి నడుస్తోంది. ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊళ్లకు ఊళ్లు వెతుకుతున్నాయి. ఆ రోజుల్లో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్య ఉచితంగా పంచుతున్న నాటుమందు కోసం జనం బారులు తీరారు. మే 21న వేలాదిగా వచ్చిపడ్డారు, అంబులెన్సుల్లో కూడా వచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, మందులో ఏముందో, తిన్నవాళ్లకు ఏమైందో తేల్చమని ఆయుర్వేద పరిశోధనా మండలిని కోరింది. విజయవాడ, తిరుపతి ఆయుర్వేద వైద్యులు మందు తీసుకున్న ఓ 500 మందికి ఫోన్లు చేసి వివరాలు రాబట్టే పని పెట్టుకున్నారు. మే 31న ప్రభుత్వం నిర్ణయం చెప్పింది. నోటితో తీసుకునే మందుల వల్ల హాని కనబడలేదు, అలాగని కోవిడ్ నయమవుతుందనడానికి రుజువూ లేదు, డాక్టరు రాసిన మందులు మాత్రం మానొద్దు అంది. కంట్లో వేసే చుక్కలకు అప్పటికి అనుమతి ఇవ్వలేదు. ఆ మందు పనిచేసిందా లేదా అన్న వాదన ఈ ప్రసంగంలో చేయబోవడం లేదు. అలాంటి మందు మీద ఒక చిన్న అధ్యయనం చేయాలంటే ముందుగా ఒక కాగితం రాయాలి. ఆ కాగితం గురించే ఈ పదిహేను నిమిషాలూ.

మనుషుల మీద చేసే ఏ వైద్య పరిశోధన అయినా ఎథిక్స్ కమిటీ గడప తొక్కాకే మొదలవ్వాలి. ఈ కమిటీలో డాక్టర్లు మాత్రమే ఉండరు. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 15 మంది సభ్యులుంటారు. వాళ్లలో న్యాయం తెలిసినవారు, సమాజశాస్త్రం చదివినవారు, వైద్యంతో ఏ సంబంధమూ లేని ఒక మామూలు మనిషీ ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లై ఉండాలి, అధ్యక్షులూ బయటివారే కావాలి. పరిశోధకుడు పెట్టే దరఖాస్తు వంద పేజీలున్నా కమిటీ మొదట చూసేది రెండు పేజీల సారాంశాన్ని. అందులో ముఖ్యంగా మూడు విషయాలుంటాయి. పాల్గొనేవాళ్లకు ప్రమాదం ఏమిటి, లాభం ఏమిటి, వాళ్లను ఎలా కాపాడతారు. మూడూ చిన్న చిన్న గడులే. కానీ ఆ గడుల్లో రాసిన నాలుగు వాక్యాలు చదివితే పరిశోధకుడు ఎదుటి మనిషి గురించి ఎంత ఆలోచించాడో బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. 'మాది చిన్న అధ్యయనం, ముప్పై మందే, కాబట్టి ప్రమాదమూ చిన్నదే' అనుకుంటారు. లెక్క అలా నడవదు. ఒక చుక్క వల్ల కంటికి చెరుపు జరిగే అవకాశం వందకు ఒకటి ఉందనుకోండి. ముప్పై మంది ఉన్నా మూడు వేల మంది ఉన్నా చుక్క వేయించుకునే మనిషికి ఎదురయ్యే ప్రమాదం మాత్రం వందకు ఒకటే. మనుషుల్ని తగ్గించినంత మాత్రాన ఒక్కొక్కరి ప్రమాదం తగ్గదు. తగ్గేది లాభం. ఎందుకంటే పరిశోధన వల్ల లోకానికి వచ్చే లాభం అంటే తెలివిడి, ఒక నిజం తెలియడం. ముప్పై మందితో తెలిసేది కొంచెమే. అంటే అధ్యయనం చిన్నదైన కొద్దీ తూకంలో లాభం పళ్లెం తేలికవుతుంది, ప్రమాదం పళ్లెం ఉన్నచోటే ఉంటుంది. అందుకే చిన్న అధ్యయనంలో జాగ్రత్త పెరగాలే గానీ తగ్గకూడదు. నా వాదన అంతా ఇదే. కృష్ణపట్నం విషయంలోనే దీన్ని పరీక్షించి చూద్దాం.

ముందు తేలికైనదాన్ని తీసుకుందాం. మందు ఇప్పటికే తీసుకున్న 500 మందికి ఫోన్ చేసి అడగడం. ఎవరికీ మందు ఇవ్వడం లేదు, సూది గుచ్చడం లేదు. మార్గదర్శకాలు ప్రమాదాన్ని నాలుగు మెట్లుగా విడదీస్తాయి. కనీసం కంటే తక్కువ, కనీసం, కనీసాన్ని కొంచెం మించినది, అధికం. రోజువారీ బతుకులో ఎదురయ్యేపాటి ప్రమాదాన్ని కనీస ప్రమాదం అంటారు. ఫోన్ పలకరింపు ఆ మెట్టు దాటదని ఎవరైనా అంటారు. కాగితం మీద అది నిజమే. అయితే సారాంశం రాసేవాడు ఆ ఫోన్ ఎక్కడ మోగుతుందో ఊహించాలి. జువ్వలదిన్నెలోనో మైపాడులోనో ఒక ఇంట్లో ఒకే ఫోన్ ఉంటుంది. అది కొడుకు దగ్గరుంటుంది, లేదా పక్కింటివాళ్ల నంబరు ఇచ్చి ఉంటారు. 'మీ అమ్మగారికి కరోనా వచ్చినప్పుడు కృష్ణపట్నం మందు తీసుకున్నారట కదా' అని మొదలుపెడితే, ఆమె ఎవరికీ చెప్పుకోని జబ్బు ఆ క్షణంలో వీధిలో పడుతుంది. 2021లో కోవిడ్ వచ్చిన ఇంటికి పాలు పోయడానికి కూడా జంకినవాళ్లున్నారు. ఆ మాట వల్ల జరిగే నష్టం పరిశోధకుడి రికార్డుల్లో ఎక్కడా కనబడదు, ఆ ఇల్లు మాత్రం దాన్ని మోస్తుంది. కాబట్టి సారాంశంలో 'ప్రమాదం లేదు' అని రాయకూడదు. 'ఫోన్ ఎత్తిన వ్యక్తి మేం వెతుకుతున్న వ్యక్తే అని తేలేదాకా జబ్బు పేరు గానీ మందు పేరు గానీ ఎత్తం, వేరేవాళ్లు ఎత్తితే మళ్లీ ఎప్పుడు చేయాలో అడిగి పెట్టేస్తాం' అని రాయాలి.

ఇంకొకటి ఉంది. ఫోన్ ఎత్తినవాళ్లు 'ఆయన లేరండీ, పోయిన శుక్రవారం పోయారు' అనొచ్చు. ఆ మాటకు ఫోన్ చేసిన డాక్టరు ఏం చెప్పాలో ముందే రాసి పెట్టుకోవాలి. 'ఊపిరి అందడం లేదు' అని ఎవరైనా అంటే? ప్రశ్నల చిట్టా పక్కన పెట్టి, వెంటనే ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయాలి, 104కో 108కో కలిపేదాకా లైనులో ఉండాలి. ఇదంతా సారాంశంలో రక్షణ అన్న గడిలోకి వస్తుంది. అడిగే ప్రశ్నలు ఎన్ని, ఎంతసేపు పడుతుంది, ఎవరు అడుగుతారు, జవాబులు ఎక్కడ దాస్తారు అన్నవి కూడా అక్కడే. పేరు ఒక కాగితం మీద, జవాబులు మరో కాగితం మీద ఉండాలి. రెంటినీ కలిపేది ఒక సంఖ్య, ఆ సంఖ్యల పట్టిక తాళం వేసిన బీరువాలో ఒక్కరి దగ్గరే ఉండాలి. జాబితాను వాట్సాప్‌లో పంపుకుంటే ఈ రక్షణ అంతా ఆ పూటకే కొట్టుకుపోతుంది.

ఇక అంగీకారం. ఫోన్‌లో సంతకం తీసుకోలేం, మాటతో తీసుకోవాలి. ఇలాంటిచోట పరిశోధకులు రాసే తెలుగు ఎవరికీ అర్థం కాదు. 'ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను' అన్న వాక్యం చదివి వినిపిస్తే ఎదుటివాళ్లు 'సరే' అంటారు. ఆ సరేలో అంగీకారం లేదు, మర్యాద మాత్రమే ఉంది. ఆ మాటల్నే ఇలా చెప్పొచ్చు. 'అమ్మా, నేను డాక్టర్ని. మీరు తీసుకున్న మందు గురించి ఓ పది నిమిషాలు అడగాలనుకుంటున్నాను. దీనివల్ల మీకు మందు గానీ డబ్బు గానీ రాదు. మీరు చెప్పేది మీ పేరుతో ఎక్కడా రాయం. వద్దంటే ఇప్పుడే పెట్టేస్తాను, మీ ఆసుపత్రి వైద్యానికి గానీ రేషనుకు గానీ పింఛనుకు గానీ ఏ ఇబ్బందీ రాదు. అడగమంటారా?' చివరి వాక్యంలో రేషను, పింఛను అన్న మాటలు కావాలనే పెట్టాలి. సర్కారు తరఫున ఫోన్ వచ్చిందంటే పేదింటివాళ్లకు మొదట గుర్తొచ్చేవి అవే. వద్దంటే ఏం పోతుందోనన్న భయం లోపల ఉన్నంతసేపూ సరే అన్న మాటకు విలువ లేదు.

ఇప్పుడు లాభం గడికి వద్దాం. పాల్గొనేవాళ్లకు నేరుగా లాభం లేదని ఒక్క ముక్కలో రాసేయాలి. దీన్ని రాయడానికే పరిశోధకులు చాలామంది వెనకాడతారు. లాభం లేదంటే కమిటీ ఒప్పుకోదేమోనని 'మెరుగైన ఆరోగ్య సమాచారం లభిస్తుంది' లాంటి మాటలతో గడి నింపుతారు. కమిటీకి కావాల్సింది నిజం. నేరుగా లాభం లేకపోయినా లోకానికి ఒక విషయం తెలుస్తుందంటే చాలు, ఆ విషయం నిజంగా తెలియాలి అంతే. ఇక్కడే అధ్యయనం పద్ధతి, నైతికత ఒకటైపోతాయి. 500 మంది జాబితా ఎలా వచ్చింది? బాగుపడ్డామని చెప్పుకున్నవాళ్ల పేర్లతో జాబితా తయారైతే, చనిపోయినవాళ్లు ఫోన్ ఎత్తరు గనుక, 'అందరూ బాగున్నారు' అన్న జవాబు ఫోన్ చేయకముందే తయారైపోయినట్టు. మందు తీసుకున్నవాళ్లందరి పట్టీ నుంచి చీటీలు తీసినట్టు ఎంపిక చేయాలి. ఫోన్ కలవనివాళ్లు ఎంతమందో, నంబరు తప్పైనవాళ్లు ఎంతమందో నివేదికలో చెప్పాలి. పైగా కోవిడ్ వచ్చినవాళ్లలో అత్యధికులు ఏ మందూ వేసుకోకపోయినా కోలుకున్నారు. పోల్చి చూడటానికి మందు తీసుకోనివాళ్లు లేకపోతే 'కోలుకున్నారు' అన్న మాటకు అర్థం మిగలదు. అలాంటి అధ్యయనం మందు పనిచేసిందని తేల్చలేదు. ఘోరమైన హాని ఏదైనా తరచుగా జరిగిందా అన్నది మాత్రం కొంతవరకు చెప్పగలదు. ఆ 'కొంతవరకు' ఎంతో సారాంశంలోనే రాయాలి.

దానికి గణాంకశాస్త్రంలో చేతివేళ్ల మీద వేసుకునేంత సులువైన లెక్క ఒకటుంది. కొంతమందిని పరిశీలించాం, ఒక్కరికీ హాని కనబడలేదు. అలాంటప్పుడు అసలు హాని గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు? మూడుని ఆ మనుషుల సంఖ్యతో భాగిస్తే దాదాపుగా వచ్చేస్తుంది, నూటికి 95 పాళ్ల నమ్మకంతో. 500 మందిలో ఒక్కరికీ ఏమీ కాకపోతే, మూడుని 500తో భాగించండి. వెయ్యికి ఆరు. అంటే వెయ్యిమందిలో ఆరుగురికి హాని జరిగే అవకాశాన్ని ఈ అధ్యయనం కొట్టిపారేయలేదు. ఆ మందు 50 వేల మంది తీసుకున్నారనుకుంటే అది 300 మంది. హాని జరిగిందని నేననడం లేదు. 'హాని కనబడలేదు' అన్న మాటకీ 'హాని లేదు' అన్న మాటకీ మధ్య ఉన్న దూరం అంత అంటున్నాను. సారాంశంలో ఈ లెక్క ఒక్క వరుసలో రాసి ఉంటే, రేపు టీవీలో ఎవరైనా 'సురక్షితమని తేలింది' అన్నప్పుడు కమిటీ దగ్గర జవాబు ఉంటుంది.

ఇక బరువైన విషయం, కంటి చుక్కలు. చుక్కలు వేసిన కొద్ది నిమిషాల్లో ఆక్సిజన్ పెరిగిందన్న మాట ఆ రోజుల్లో రాష్ట్రమంతా పాకింది. దాని మీద ఎవరైనా ముప్పై మందితో చిన్న అధ్యయనం చేస్తామని దరఖాస్తు పెట్టారనుకుందాం. ఇది ఊహకు తీసుకున్న దరఖాస్తే. ప్రమాదం గడిలో ఏముండాలి? అవి తేనె లాంటి ఇంటి దినుసులతో చేసినవని పత్రికల్లో వచ్చింది. తేనె నాలుక మీద వేసుకుంటే ఏమీ కాదు. కంట్లో పడే ద్రవం సంగతి వేరు. నోట్లోకి వెళ్లిన క్రిమిని కడుపులో ఆమ్లం చంపుతుంది, కంటి నల్లగుడ్డు మీద గీత పడితే అక్కడికి చేరిన క్రిమికి అలాంటి అడ్డు లేదు. అందుకే కంటి మందును క్రిమిరహితంగా తయారు చేయాలి, ప్రతి విడతనూ పరీక్షించాలి, సీసా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో రాయాలి. పొద్దున నూరి సాయంత్రానికి పంచే మందుకు ఈ మూడూ చేయడం కష్టం. అందువల్ల ఇది కనీస ప్రమాదం మెట్టు కాదు, అన్నిటికంటే పై మెట్టు. పూర్తి కమిటీ కూర్చుని చూడాల్సిందే. నోటి మందులకు, చుక్కలకు మధ్య 2021 మే 31న ప్రభుత్వం గీసిన గీతకు ఆధారం ఇక్కడే కనిపిస్తుంది. దినుసులు ఎంత సాధువైనవైనా అవి ఒంట్లోకి ఏ దారిన వెళుతున్నాయన్నది ప్రమాదాన్ని మార్చేస్తుంది.

లాభం గడిలో 'ఆక్సిజన్ పెరుగుతుంది' అని రాయొచ్చా? రాసేముందు వేలికి తగిలించే ఆ చిన్న మిషన్ను దగ్గరగా చూడాలి. అది వేలిలోంచి వెలుగు పంపి రక్తం రంగును బట్టి ఒక అంకె వేస్తుంది. వేలు చల్లబడితే, గోరింటాకో గోరు రంగో ఉంటే, చెయ్యి వణికితే అంకె మారుతుంది. మిషన్ 90 చూపిస్తే అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇక కంట్లో మంటపుట్టే చుక్క పడితే మనిషి ఏం చేస్తాడు? ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీలుస్తాడు, లేచి కూర్చుంటాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నా, బోర్లా పడుకున్నా, లేచి కూర్చున్నా అంకె కాసేపు పెరగవచ్చు. ఊపిరితిత్తుల్లో నెమ్ము మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి చుక్క వేశాక అయిదు నిమిషాలకు అంకె చూసి రాసే అధ్యయనం ఏ నిజాన్నీ చెప్పలేదు. ఆరు గంటలకు, పన్నెండు గంటలకు, మర్నాటికి చూడాలి. వట్టి ఉప్పునీటి చుక్కలు వేసిన వాళ్లతో పోల్చాలి. అప్పుడు కూడా ముప్పై మందిలో ఒక్కరికీ కన్ను చెడకపోతే మన మూడు సూత్రం ఏమంటుంది? మూడుని ముప్పైతో భాగిస్తే పదో వంతు. పదిమందిలో ఒకరికి కన్ను చెడే అవకాశాన్ని కూడా ఆ అధ్యయనం కాదనలేదు. తేలే నిజం ఇంత తక్కువ, పెట్టే ప్రమాదం అంత ఎక్కువ. ఈ దరఖాస్తును నేనైతే వెనక్కి పంపుతాను. చుక్కలు క్రిమిరహితంగా తయారై, ప్రయోగశాలలో జంతు పరీక్షలూ అయ్యాక మళ్లీ రమ్మంటాను.

ఒకవేళ అవన్నీ అయ్యి కమిటీ ఒప్పుకుందనుకున్నా, రక్షణ గడిలో ఒక షరతు అన్నిటికంటే పైన ఉండాలి. ఆక్సిజన్ 94 కంటే తగ్గిన మనిషిని చుక్క కోసం క్యూలో నిలబెట్టకూడదు. కృష్ణపట్నం నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి పాతిక ముప్పై కిలోమీటర్లు. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో కొందరికి మందు వల్ల ఏమైందన్న ప్రశ్న కంటే, మందు కోసం పోగొట్టుకున్న గంటల్లో ఏమైందన్న ప్రశ్న పెద్దది. వైద్యం ఆలస్యం కావడం కూడా అధ్యయనం వల్ల వచ్చే ప్రమాదమేనని సారాంశంలో చాలామంది రాయరు. దాన్ని తప్పక రాయాలి. అధ్యయనం ఆసుపత్రిలోనే జరగాలి, ఆక్సిజన్ పైపు పక్కనే ఉండాలి, మామూలు వైద్యం ఒక్క గంట కూడా ఆగకూడదు. కన్ను ఎర్రబడినా చూపు మసకైనా వెంటనే కంటి డాక్టరు చూడాలి, ఖర్చు అధ్యయనం చేసేవాళ్లదే. ఘోరమైన హాని జరిగితే 24 గంటల్లో కమిటీకి తెలియాలి. ఎంతమందికి కన్ను ఎర్రబడితే అధ్యయనం ఆపేస్తారో ఆ సంఖ్య ముందే రాసి ఉండాలి. జరిగాక కూర్చుని ఆలోచిస్తే ఆపడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇప్పటిదాకా జబ్బు, మందు గురించి మాట్లాడాను. మన తీరంలో పాల్గొనేవాళ్లు ఎవరన్నది ఇంకో చిక్కు. పట్టపుపాలేల్లో కాపుల మాటకు ఎంత బరువుందో, దురాయి కడితే ఒక కుటుంబం ఎలా ఒంటరవుతుందో ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చాలామందికి తెలుసు. పరిశోధకుడు ఊరికి వచ్చి ముందు పెద్దల్ని కలుస్తాడు, కలవాలి కూడా. పెద్దలు 'మా పాలెం మొత్తం ఒప్పుకుంది' అంటారు. అది ఊళ్లోకి రావడానికి అనుమతే గానీ మనిషి అంగీకారం కాదు. సమూహ పెద్ద అనుమతి ఒక్కొక్కరి అంగీకారానికి బదులు కాదని మార్గదర్శకాలు తేటగా చెబుతున్నాయి. కాబట్టి అంగీకారాన్ని పెద్దల ముందు కాకుండా, విడిగా, ఇంటి దగ్గర అడగాలి. ఒకరు వద్దన్నారన్న సంగతి పెద్దలకు చేరకూడదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాల విషయంలో ఇది ఇంకా కీలకం. గుంట యజమాని పక్కన నిలబడి ఉండగా వేసిన వేలిముద్ర ఆ యజమాని వేసినట్టే లెక్క. చదవడం రానివాళ్లకు కాగితం చదివి వినిపించేటప్పుడు అధ్యయనంతో సంబంధం లేని, చదువుకున్న సాక్షి ఉండాలి. ఆ సాక్షిని యజమానో సర్పంచో కాకుండా పాల్గొనే మనిషే ఎంచుకోవాలి.

ఇదంతా చాదస్తమని తోస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా టీకాలు వేశారు. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. తల్లిదండ్రులు ఆ పిల్లల్ని చదువు కోసం హాస్టల్లో వదిలారు గానీ వాళ్ల ఒంటి మీద నిర్ణయం తీసుకునే హక్కు వార్డెనుకు రాసివ్వలేదు. ఆ టీకా మంచిదే కావచ్చు. ప్రపంచంలో ఎన్నో దేశాలు దాన్ని వాడుతున్నాయి కూడా. అయినా ఆ సంతకాల వల్ల ఆ టీకా పేరెత్తితేనే జనం అనుమానించే రోజులు వచ్చాయి. ఎవరు సంతకం పెడతారు అన్న ఒక్క వరుస సారాంశంలో సరిగా లేకపోతే మంచి టీకా కూడా ఇంతగా దెబ్బతింటుంది.

డబ్బు సంగతీ ఇలాంటిదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. కృష్ణపట్నం బారులు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రెండు నెలలూ మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు గనుక పరిశోధకుడికి అది వీలైన కాలం. ఇళ్లల్లో చేతిలో రూపాయి ఉండని కాలం కూడా అదే. అప్పుడు అధ్యయనానికి వస్తే రెండు వేలిస్తామంటే ప్రమాదం చదివి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? దారి ఖర్చు, ఆ రోజు కూలి నష్టం ఇవ్వడం న్యాయం, ఇవ్వకపోతే అన్యాయం. అంతకు మించి ఇచ్చేది ఎర అవుతుంది. ఎంత ఇస్తారో, ఎందుకు ఇస్తారో, మధ్యలో మానేస్తే అప్పటిదాకా రావాల్సింది ఇస్తారో లేదో సారాంశంలో అంకెతో రాయాలి.

ఇక అభ్యంతరాలు. జనం చచ్చిపోతుంటే కాగితాలేమిటని మొదటి ప్రశ్న. కాగితానికి టైమ్ లేదన్న మాట నిజం కాదు. 2020 ఏప్రిల్‌లోనే వైద్య పరిశోధనా మండలి కోవిడ్ కాలంలో ఎథిక్స్ కమిటీలు వీడియోలో కూర్చుని త్వరగా చూడొచ్చని చెప్పింది. అదే నెల 21న ఆయుష్ శాఖ సంప్రదాయ వైద్య పద్ధతుల్లో కోవిడ్ పరిశోధనకు దారి తెరిచింది, ఎథిక్స్ కమిటీ ఆమోదం, దేశ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి అన్న షరతులతో. అంటే కృష్ణపట్నానికి ఏడాది ముందే తలుపు తెరిచి ఉంది. ఇప్పుడు మనం మాట్లాడుకున్న రెండు పేజీలు రాయడానికి తెలిసినవాడికి ఒక పూట చాలు.

జనమే కోరుకుని వచ్చారు కదా, వాళ్లను ఎవరి నుంచి కాపాడటం అని రెండో ప్రశ్న. ఇందులో కొంత న్యాయం ఉంది. ఎవరి వైద్యాన్ని వాళ్లు ఎంచుకునే హక్కు ఉంది, దాన్ని నేను కాదనను. అయితే మందు తీసుకోవడం ఒకటి, ఆ మనిషిని అధ్యయనంలో ఒక అంకెగా చేర్చుకోవడం ఇంకొకటి. మందు కోసం వచ్చినవాడు తన కోసం వచ్చాడు. అధ్యయనంలో చేర్చుకున్నది మన తెలివిడి కోసం. మన అవసరం కోసం ఒకరిని వాడుకుంటున్నప్పుడు అతను ఎంత ఇష్టపడి వచ్చినా మన బాధ్యత తగ్గదు.

మూడోది, ఇదంతా నాటువైద్యం మీద చిన్నచూపు అన్న మాట. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. తరాలుగా ఊళ్లను కాచిన వైద్యం అది, నేలఉసిరి, గుంటగలగర గుణం తెలిసిన చేతులు మనకున్నాయి. అందుకే నాటుమందుకు తక్కువ పరీక్ష చాలనడమే అసలు చిన్నచూపు అంటాను. కంపెనీ మందుకు ఎంత నిఖార్సైన అధ్యయనం చేస్తామో దీనికీ అంతే చేయాలి. మందు తెలిసిన మనిషి అనుమతి తీసుకోవాలి, రేపు దానివల్ల లాభం వస్తే ఆయనకు వాటా ఎంతో రాసుకోవాలి. ఈ మాట కూడా సారాంశంలోకి ఎక్కాలి.

చివరి అభ్యంతరం పరిశోధకుల నుంచే వస్తుంది. ఎనిమిది పేజీల అంగీకార పత్రం ఎవరూ చదవరు, ఇది రక్షణ కాదు, తతంగం అంటారు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ పత్రం పాల్గొనేవాళ్ల కంటే సంస్థను కాపాడటానికే రాస్తున్నారు చాలాచోట్ల. దానికి మందు, పత్రం మానేయడం కాదు, ఒకటిన్నర పేజీకి కుదించి పాలెంలో మాట్లాడే తెలుగులో రాయడం. రాశాక అదే పాలెంలో అయిదుగురికి చదివి వినిపించి, 'ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి' అని అడగడం. వాళ్లు చెప్పలేకపోతే తప్పు కాగితానిది. కమిటీలో ఉండే ఆ మామూలు సభ్యుడి పని కూడా ఇదే. నెల్లూరు తీరం మీద చేసే అధ్యయనానికి ఆ కుర్చీలో ఒక పట్టపు టీచరో, యానాది అంగన్‌వాడీ కార్యకర్తో కూర్చోవాలి.

వింటున్నవాళ్లకు ఒక్క మాట. రేపు మీ ఇంటికి ఎవరైనా రక్తం కోసమో, మందు కోసమో, నాలుగు ప్రశ్నల కోసమో కాగితం పట్టుకుని వస్తే, చదివించుకుని వినండి. దాని నకలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి, అది మీ హక్కు. ఆ కాగితం కింద రెండు ఫోన్ నంబర్లుండాలి. ఒకటి పరిశోధన చేసేవారిది, రెండోది ఎథిక్స్ కమిటీది. రెండో నంబరు లేకపోతే సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి.